ఏఎల్‌టీ ముందు, ఏఎల్‌పీ వెనుక: కాలేయ పరీక్షల రిపోర్టును గంటల లెక్కతో చదవడం ఎలా

కాలేయ పరీక్షల రిపోర్టు చేతికి రాగానే కళ్లు ముందుగా ముదురు అక్షరాల్లో ఉన్న అంకెల మీదికి పోతాయి. వాటిని చూసి "ఎల్‌ఎఫ్‌టీ పెరిగింది" అని కేస్ షీటులో రాసేస్తే రోగి గురించి కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు. తేల్చవలసింది ఒకటే: దెబ్బ కాలేయ కణానికి తగిలిందా, లేక పిత్తం ప్రవహించే దారికి తగిలిందా? మొదటిది హెపాటోసెల్యులర్ తీరు, రెండోది కొలెస్టాటిక్ తీరు. ఈ రెండింటినీ విడదీసే లెక్క ఒక్క వరుసలో అయిపోతుంది. అయితే ఆ లెక్క ఇచ్చే జవాబు రక్తం తీసిన గంటకు మాత్రమే వర్తిస్తుంది. రెండు రోజుల తర్వాత అదే రోగికి అదే లెక్క వేరే జవాబు ఇవ్వవచ్చు. ఈ చిక్కు తెలియకపోతే పిత్తనాళంలో రాయి ఉన్న మనిషిని హెపటైటిస్ పేరుతో వార్డులో పడుకోబెడతాం. చర్చ కోసం కూర్చిన ఒక కేసును వెంటబెట్టుకొని ఈ పని ఎలా చేయాలో చూద్దాం.

కేసు

వయసు 46. స్త్రీ. అర్ధరాత్రి దాటాక పైకడుపులో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి మొదలై కుడి భుజం వెనక్కి పాకింది. రెండుసార్లు వాంతి అయింది. మద్యం అలవాటు లేదు, రోజూ వేసుకునే మందులు లేవు. జ్వరం లేదు, రక్తపోటు మామూలుగా ఉంది. నొప్పి మొదలైన ఆరు గంటలకు తీసిన రక్తంలో ఏఎస్‌టీ 690, ఏఎల్‌టీ 540, ఏఎల్‌పీ 118, మొత్తం బిలిరుబిన్ 2.1, అందులో డైరెక్ట్ 1.4. అల్బుమిన్, ఐఎన్‌ఆర్, లైపేజ్ మామూలుగానే ఉన్నాయి. ఎంజైములన్నీ లీటరుకు యూనిట్లలో, బిలిరుబిన్ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. ల్యాబు ఇచ్చిన గరిష్ఠ పరిమితులు ఏఎల్‌టీకి 40, ఏఎల్‌పీకి 120.

మొదటి అడుగు: అంకెను కాదు, రెట్లను చూడండి

540, 118 అనే అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల లాభం లేదు, ఎందుకంటే వాటి కొలబద్దలు వేరు. ఒక్కొక్కటీ తన గరిష్ఠ పరిమితికి ఎన్ని రెట్లు ఉందో ముందు కట్టండి. ఏఎల్‌టీ 540ని 40తో భాగిస్తే 13.5 రెట్లు. ఏఎల్‌పీ 118ని 120తో భాగిస్తే దాదాపు 0.98 రెట్లు. ఇప్పుడు మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

```
R = (ALT / ALT ULN) / (ALP / ALP ULN)
```

మన కేసులో ఇది సుమారు 13.7. ఆర్ విలువ 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే హెపాటోసెల్యులర్, 2 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే కొలెస్టాటిక్, మధ్యలో ఉంటే మిశ్రమం. ఈ హద్దులను మందుల వల్ల కలిగే కాలేయ హానిని వర్గీకరించడం కోసం ఏర్పరిచారు. 1990లో అచ్చయిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రంలో ఇవి కనిపిస్తాయి. తర్వాత అన్ని రకాల కాలేయ రోగాలకూ వాడుకలోకి వచ్చాయి. అంటే రాయి అడ్డుపడిన నాళాన్ని దృష్టిలో పెట్టుకొని పుట్టిన లెక్క కాదిది. ఈ సంగతి మన కేసులో ముందుముందు పనికొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. గరిష్ఠ పరిమితిని కంఠస్థం చేసిన పుస్తకం నుంచి కాకుండా ఆ రిపోర్టు నుంచే తీసుకోండి. స్త్రీలలో ఏఎల్‌టీ 25 దాటినా ఎక్కువగానే చూడాలని సూచించే మార్గదర్శకాలు ఉన్నాయి, చాలా ల్యాబులు ఇంకా 40నే అచ్చు వేస్తాయి. 540 లాంటి పెద్ద విలువ దగ్గర ఈ తేడా జవాబును మార్చదు. కానీ ఏఎల్‌టీ 160, ఏఎల్‌పీ 240 ఉన్న స్త్రీలో పరిమితి 40 అనుకుంటే ఆర్ 2 వచ్చి కొలెస్టాటిక్ అవుతుంది, 25 అనుకుంటే 3.2 వచ్చి మిశ్రమంలోకి జారుతుంది. హద్దుకు దగ్గరగా ఉన్న ఆర్ విలువను చూసి వాదులాడుకోవడం ఎందుకు వృథానో దీన్ని బట్టే తెలుస్తుంది.

రెండో అడుగు: బిలిరుబిన్‌ను ఈ తీర్పు నుంచి పక్కన పెట్టండి

చర్చలో ఈ దశకు రాగానే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "మేడమ్, బిలిరుబిన్‌లో ఎక్కువ భాగం డైరెక్టే కదా, అయితే ఇది అడ్డంకి కేసే." చివరికి ఈ మాట నిజమే అవుతుంది, కానీ చెప్పిన కారణం తప్పు. కాలేయ కణం బిలిరుబిన్‌ను సంయోగం చేశాక దాన్ని సన్నటి పిత్త కాలువలోకి తోయాలి. మొత్తం ప్రక్రియలో శక్తి ఖర్చయ్యే, ముందుగా దెబ్బతినే మెట్టు అదే. అందుకే వైరల్ హెపటైటిస్‌లోనూ కణం సంయోగం చేయగలుగుతూనే ఉంటుంది, బయటికి పంపలేకపోతుంది. అలా మిగిలిన డైరెక్ట్ బిలిరుబిన్ రక్తంలోకి వస్తుంది. నాళంలో రాయి ఉన్నా డైరెక్టే పెరుగుతుంది, కణం దెబ్బతిన్నా డైరెక్టే పెరుగుతుంది.

డైరెక్ట్, ఇండైరెక్ట్ విభజన ఉపయోగపడే చోటు వేరు. ఎంజైములన్నీ మామూలుగా ఉండి ఇండైరెక్ట్ మాత్రమే పెరిగితే రక్తకణాల విచ్ఛిత్తి గురించో, గిల్బర్ట్ సిండ్రోమ్ గురించో ఆలోచిస్తాం. మన రోగికి ఆ ప్రశ్నే లేదు. కాబట్టి ఇక్కడ 1.4 చెప్పేది ఒక్కటే, ఇది కాలేయానికో పిత్తనాళానికో సంబంధించిన కామెర్ల తొలిదశ అని.

మూడో అడుగు: రక్తం ఎప్పుడు తీశారో అడగండి

అన్నింటికన్నా ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. ఆర్ 13.7 అన్నది గట్టి హెపాటోసెల్యులర్ అంకె. లెక్కలో తప్పు లేదు. అయితే ఆ లెక్కలోని రెండు ఎంజైములు రక్తంలోకి వచ్చే పద్ధతులు వేరు.

ఏఎల్‌టీ కణద్రవంలో ముందే తయారై ఉంటుంది. రాయి వచ్చి నాళాన్ని మూసిన క్షణం నుంచి వెనక ఒత్తిడి పెరుగుతుంది, కాలేయ కణాల పొర దెబ్బతింటుంది, లోపల ఉన్న ఎంజైము కొద్ది గంటల్లోనే రక్తంలోకి కారుతుంది. ఏఎల్‌పీ అలా నిల్వ నుంచి కారేది కాదు. అడ్డంకి వల్ల పేరుకున్న పిత్త ఆమ్లాలు కణాన్ని ప్రేరేపించాక అది కొత్తగా ఏఎల్‌పీని తయారు చేయాలి, ఆ తర్వాతే రక్తంలో దాని స్థాయి పెరగాలి. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నిప్పు అంటుకోగానే పొగ కనిపిస్తుంది, ఫైరింజన్ మాత్రం తర్వాతే వస్తుంది. ఏఎల్‌టీ పొగ, ఏఎల్‌పీ ఫైరింజన్.

కాబట్టి రాయి అడ్డుపడిన తొలి గంటల్లో తీసిన రక్తం హెపటైటిస్ లాగే కనిపిస్తుంది. ఏఎల్‌టీ 500 దాటడం అరుదేమీ కాదు, కొందరిలో 1000 కూడా దాటుతుంది. "ఇంత ఏఎల్‌టీ రాయి వల్ల రాదు" అనే మాట వార్డుల్లో ఎంత ధీమాగా వినిపించినా నమ్మకండి.

మొదటి రిపోర్టులోనే ఒక చిన్న ఆధారం ఉంది. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కంటే ఎక్కువగా ఉంది. కాలేయ కణంలో ఏఎస్‌టీ నిల్వ పెద్దది కాబట్టి ఏ తాజా దెబ్బలోనైనా మొదటి గంటల్లో అదే ముందుంటుంది. తర్వాత రక్తం నుంచి త్వరగా తొలగిపోయేది కూడా అదే. ఏఎస్‌టీ అర్ధజీవిత కాలం సుమారు 17 గంటలు, ఏఎల్‌టీది సుమారు 47 గంటలు. వైరల్ హెపటైటిస్ రోగి కామెర్లతో మన దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా కొన్ని రోజులు గడిచి ఉంటాయి కాబట్టి ఏఎల్‌టీదే పైచేయి అయి ఉంటుంది. మద్యం వల్ల కలిగే హెపటైటిస్‌లోనూ ఏఎస్‌టీ ఎక్కువే, కానీ అక్కడ అది 300 నుంచి 400 దాటడం అరుదు. కండరాల గాయం వల్ల కూడా పెరుగుతుంది, సందేహం ఉంటే సీకే చూస్తే తేలిపోతుంది. ఇక్కడ 690 ఉంది, నొప్పికి ఆరు గంటల వయసు ఉంది. అంటే దెబ్బ కొత్తది అనడానికి ఇది ఆధారం, దెబ్బ దేనివల్ల అన్నదానికి కాదు.

కారణం వైపు వేలు చూపేది రోగి చెప్పిన కథ. వైరల్ హెపటైటిస్ చాలావరకు కొన్ని రోజుల నీరసం, అన్నం సహించకపోవడం, సన్నటి జ్వరంతో మొదలవుతుంది, కడుపు నొప్పి మందంగా ఉంటుంది. ఫలానా గంటకు మొదలైందని రోగి చెప్పగలిగిన పదునైన నొప్పి నాళం వైపు చూపుతుంది.

నాలుగో అడుగు: స్కానింగ్‌ను కూడా అదే గంటల లెక్కతో చదవండి

మన రోగికి వచ్చిన రోజే అల్ట్రాసౌండ్ చేశారు. పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయి. ప్రధాన పిత్తనాళం 5 మిల్లీమీటర్లు, అందులో రాయి కనిపించలేదు. దీన్ని చూసి నాళంలో అడ్డంకి లేదని తేల్చేయాలని అనిపిస్తుంది. ఆగండి. నాళం ఉబ్బడానికి కూడా సమయం పడుతుంది, మొదటి గంటల్లో అది మామూలు వెడల్పులోనే ఉండవచ్చు. పైగా నాళం కింది చివర పేగులోని గాలి వెనక దాక్కుంటుంది, రాళ్లు ఇరుక్కునే చోటు కూడా సరిగ్గా అదే. పిత్తాశయంలో రాళ్లను పట్టుకోవడంలో అల్ట్రాసౌండ్‌కు ఉన్న పేరు నాళంలోని రాళ్ల విషయంలో లేదు.

హెపటైటిస్ ఏ, బి, సి, ఇ పరీక్షలు పంపడం తప్పు కాదు. పారాసిటమాల్ ఎంత వేసుకున్నారో అడగడం మరచిపోకండి, నొప్పికి ఇంట్లోనే మాత్రలు మింగి వచ్చేవారు చాలామంది. కానీ ఆ ఫలితాలు వచ్చేదాకా నాళాన్ని మరచిపోవద్దు. జ్వరం, వణుకు, రక్తపోటు పడిపోవడం, మత్తు వంటివి కనిపిస్తే పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ సోకినట్లే భావించి వెంటనే యాంటీబయాటిక్స్, నాళం తెరిచే ఏర్పాట్లు మొదలుపెట్టాలి. కింద చెప్పబోయే 48 గంటల నిరీక్షణ అలాంటి రోగికి వర్తించదు.

ఐదో అడుగు: రెండోసారి తీయండి, దిశను చదవండి

మన రోగి నిలకడగా ఉంది, నొప్పి తగ్గింది. 48 గంటల తర్వాత మళ్లీ రక్తం తీశారు. ఏఎస్‌టీ 130, ఏఎల్‌టీ 304, ఏఎల్‌పీ 228, బిలిరుబిన్ 3.3. జీజీటీ కూడా చేస్తే 410 వచ్చింది.

లెక్క కడితే ఏఎల్‌టీ 7.6 రెట్లు, ఏఎల్‌పీ 1.9 రెట్లు, ఆర్ సరిగ్గా 4. పుస్తకం ప్రకారం "మిశ్రమం". ఆ మాట రాసి ఊరుకుంటే మాత్రం ఈ రిపోర్టులోని అసలు కథ పోతుంది. 13.7 నుంచి 4కు వచ్చిందంటే రోగం స్వభావం మారలేదు, ఒకే రోగం తన రెండో పేజీ చూపిస్తోంది.

ఏఎల్‌టీ పడిపోయిన వేగాన్ని చూడండి. 47 గంటల అర్ధజీవితం ఉన్న ఎంజైము 48 గంటల్లో 540 నుంచి 304కు వచ్చింది. ఇది దాదాపు సగం. అంటే కొత్తగా కారడం ఇంచుమించు ఆగిపోయింది, ఉన్నది తొలగిపోతోంది. ఏఎస్‌టీ ఇంకా వేగంగా పడి ఏఎల్‌టీ కంటే కిందికి దిగింది, 17 గంటల లెక్కకు అదీ సరిపోతుంది. వైరల్ హెపటైటిస్‌లో కణాలు రోజుల తరబడి చనిపోతూనే ఉంటాయి కాబట్టి ఏఎల్‌టీ ఇంత త్వరగా దిగదు, వారాలు తీసుకుంటుంది.

ఇంత వేగంగా పెరిగి తగ్గేది ఇంకొకటి ఉంది. రక్తపోటు పడిపోయి కాలేయానికి రక్తం అందకపోతే కలిగే ఇస్కీమిక్ హెపటైటిస్. అక్కడ ఏఎల్‌టీ సాధారణంగా వేలల్లో ఉంటుంది, షాక్ లేదా గుండె వైఫల్యం నేపథ్యం ఉంటుంది. మన రోగికి అవేవీ లేవు. వీటికి తోడు ఏఎల్‌టీ దిగుతుండగా ఏఎల్‌పీ ఎక్కడం, బిలిరుబిన్ కూడా పెరగడం అడ్డంకి వైపే మొగ్గు చూపుతున్నాయి.

జీజీటీ ఎందుకు చేశారంటే, ఏఎల్‌పీ కాలేయం నుంచే రావాలని లేదు. ఎముక నుంచి వస్తుంది, గర్భిణులలో మాయ నుంచి వస్తుంది, ఎదిగే పిల్లల్లో ఎప్పుడూ ఎక్కువే. ఎముక వల్ల పెరిగితే జీజీటీ మామూలుగా ఉంటుంది. ఈ కేసులో నిజానికి అంత సందేహం లేదు. ఏఎల్‌పీ ఒక్కటే పెరిగి మిగతావన్నీ మామూలుగా ఉన్న రిపోర్టులో జీజీటీకి అసలు విలువ. మద్యం, ఫెనిటోయిన్ వంటివి కూడా దాన్ని పెంచుతాయి కనుక జీజీటీని ఒంటరిగా ఏ రోగానికీ సాక్ష్యంగా పిలవకండి.

ఈ రెండో రిపోర్టు చూశాక ఎంఆర్‌సీపీ చేశారు. నాళం 9 మిల్లీమీటర్లకు ఉబ్బింది, కింది చివర ఒక రాయి ఉంది. నాలుగో రోజు ఉదయం ఈఆర్‌సీపీకి ముందు తీసిన రక్తంతో కలిపి మూడు రిపోర్టులూ ఇలా ఉన్నాయి:

| | 6 గంటలు | సుమారు రెండు రోజులు | నాలుగో రోజు |
|---|---|---|---|
| ఏఎస్‌టీ | 690 | 130 | 52 |
| ఏఎల్‌టీ | 540 | 304 | 140 |
| ఏఎల్‌పీ | 118 | 228 | 336 |
| బిలిరుబిన్ | 2.1 | 3.3 | 4.8 |
| ఆర్ | 13.7 | 4.0 | 1.25 |

నాలుగో రోజు మొదటిసారిగా వచ్చిన రోగి అయితే ఎవరికైనా ఇది సూటిగా కొలెస్టాటిక్ కేసే. బిలిరుబిన్ 4 దాటి, నాళం కూడా ఉబ్బి ఉంటే రాయి ఉండే అవకాశం చాలా ఎక్కువని లెక్కించి నేరుగా ఈఆర్‌సీపీకి వెళ్లవచ్చని అమెరికన్ ఎండోస్కోపీ సంఘం 2019 మార్గదర్శకం చెబుతుంది. ఇబ్బంది అంతా మొదటి రోజు వచ్చినవారితోనే.

ఆరో అడుగు: ఇదే పొరపాటు అద్దంలో ఎలా ఉంటుందో తెలుసుకోండి

పై పాఠం బాగా తలకెక్కినవారు రెండో వైపు పడిపోతుంటారు. ఇంకో రోగిని ఊహించండి. కామెర్లు మొదలై నాలుగు వారాలు, ఒళ్లంతా దురద. బిలిరుబిన్ 14, ఏఎల్‌టీ 150, ఏఎల్‌పీ 260. ఆర్ కడితే సుమారు 1.7, కొలెస్టాటిక్. కానీ పాత రిపోర్టు అడిగి తీసుకుంటే మూడు వారాల కింద ఏఎల్‌టీ 1800. స్కానింగ్‌లో నాళం సన్నగా ఉంది, హెపటైటిస్ ఏ ఐజీఎం పాజిటివ్. ఇది కాలేయ కణం దగ్గర మొదలైన రోగం, కోలుకునే దారిలో కొంతకాలం పిత్తం కదలక నిలిచిపోయిన దశ. దీనికి వేచి ఉండడమే చాలావరకు చికిత్స. ఈఆర్‌సీపీ చేస్తే మేలేమీ ఉండదు, పైగా క్లోమవాపు తెచ్చిపెట్టే ప్రమాదం ఉంటుంది.

అందుకే ఒక్క రిపోర్టుతో ఆర్ కట్టినప్పుడల్లా పక్కన రోగం ఎన్నో గంట లేదా ఎన్నో రోజో రాయండి. పాత రిపోర్టు సంచిలో ఉందేమో అడగండి. చాలాసార్లు అది దొరుకుతుంది.

ఇలాంటి దీర్ఘకాల కామెర్లలో ఐఎన్‌ఆర్ పెరిగి ఉంటే ఇంకో చిన్న పరీక్ష చేయవచ్చు. పిత్తం పేగులోకి రాకపోతే విటమిన్ కె సరిగా ఒంటపట్టదు, గడ్డకట్టే కారకాలు తగ్గుతాయి. 10 మిల్లీగ్రాముల విటమిన్ కె సిరలోకి ఇస్తే ఒక రోజులోపే ఐఎన్‌ఆర్ చెప్పుకోదగినంత మెరుగుపడుతుంది. కాలేయ కణాలే ఆ కారకాలను తయారు చేయలేని స్థితిలో ఉంటే మెరుగుపడదు. కణం దెబ్బతిన్న కేసులో నిజంగా భయపడవలసిన అంకె ఇదే, ఏఎల్‌టీ కాదు. ఏఎల్‌టీ పడిపోతూ ఐఎన్‌ఆర్ పెరుగుతూ ఉంటే అది కోలుకోవడం కాదు, కారడానికి కణాలు మిగలకపోవడం కావచ్చు.

రాయి తీశాక ఏమి ఆశించాలి

మన రోగికి ఈఆర్‌సీపీలో రాయి తీశారు. మర్నాడు మూత్రం రంగు తేటబడింది, కళ్ల పసుపు మాత్రం అలాగే ఉంది. కుటుంబ సభ్యులు రాయి పూర్తిగా రాలేదేమోనని అడుగుతారు, అడగాలి కూడా. డైరెక్ట్ బిలిరుబిన్‌లో కొంత భాగం అల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుపోతుంది. అది మూత్రంలోకి వడకట్టబడదు. దాదాపు మూడు వారాల అర్ధజీవితం ఉన్న అల్బుమిన్‌తో పాటే నెమ్మదిగా పోతుంది. అందుకే నాళం తెరుచుకున్నా పసుపు కొన్ని రోజులు వెనుకబడి ఉంటుంది. ఏఎల్‌పీ కూడా అంతే, దాని అర్ధజీవితం సుమారు వారం కాబట్టి మర్నాడే తగ్గలేదని కంగారు పడనక్కరలేదు.

వీటికి భిన్నంగా నొప్పి తిరిగి వచ్చి ఏఎల్‌టీ మళ్లీ పైకి లేస్తే మరో రాయి జారిందనే అనుకోవాలి. పిత్తాశయం రాళ్లతో అలాగే ఉన్నంతకాలం ఇది జరగవచ్చు కనుక వీలైతే అదే దఫాలో దాన్ని తీసేయించడం మంచిది. ఇంటికి వెళ్లిన నాలుగు వారాలకు ఒకసారి పరీక్ష చేయించండి. అప్పటికీ ఏఎల్‌పీ, జీజీటీ రెండూ ఎక్కువగానే ఉండి నాళం సన్నబడి ఉంటే రాయి కథ అక్కడ ముగిసినట్లే. అప్పుడు కొత్తగా మొదలుపెట్టిన మందుల జాబితా అడిగి, యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ పరీక్ష పంపి, వేరే కొలెస్టాటిక్ రోగం కోసం వెతకాలి.